సంస్కృతం తీసేసినంత మాత్రాన వాడుక తమిళం కాదు

ప్రశ్న: మాది గుంటూరు. తాంబరం దగ్గర ఫిజియోథెరపీ చేస్తాను. మోకాళ్ల నొప్పులతో వచ్చేవాళ్లకి ఇచ్చి పంపే కాగితం ఒకటి తెలుగులో రాసుకుని, తమిళంలో పెట్టివ్వమని మా వీధిలో ఉండే పెద్దాయనకి పంపాను. ఆయనా తెలుగువారే, పుట్టి పెరిగింది మద్రాసులో. ఆయన నుంచి వచ్చిన జవాబు సగం సంస్కృతం. నాకు చక్కగా అర్థమైంది, పేషెంట్లకి కాలేదు. "సంస్కృతం వద్దండీ, అచ్చ తమిళంలో ఇవ్వండి" అంటే ఇంకోటి రాసిచ్చారు. అది నాకూ అర్థం కాలేదు, వాళ్లకీ సరిగ్గా అర్థం కాలేదు. ఎందుకిలా అయింది? మామూలుగా మాట్లాడుకునే మాటల్లో కావాలంటే ఏమని అడగాలి?

మొదటిది: "దినందోఱుం ప్రాతక్కాలత్తిలుం సాయంగాలత్తిలుం ఇంద దేగాప్పియాసత్తైచ్ చెయ్యవుం. వేదనై అదిగరిత్తాల్ ఉడనే నిఱుత్తవుం. ఉష్ణ జలత్తాల్ పదినైందు నిమిషం ఒత్తడం కొడుక్కవుం. అవసరమానాల్ ఫోన్ సెయ్యవుం."

రెండోది: "నాళ్దోఱుం కాలైయుం మాలైయుం ఉడఱ్పయిఱ్చి మేఱ్కొళ్గ. వలి మిగిన్ ఉడనడియాగ నిఱుత్తుగ. వెన్నీరాల్ పదినైందు నిమిడం ఒఱ్ఱడమిడుగ. తేవైయెనిల్ తొలైపేసియిల్ తొడర్బు కొళ్గ."

జవాబు:

ముందుగా మొదటి కాగితంలో చివరి వాక్యాన్ని ఈరోజే మార్చండి. మిగతావి నిదానంగా చూసుకోవచ్చు, అది మాత్రం ఆగకూడదు. మీరు తెలుగులో "అవసరమైతే ఫోన్ చేయండి" అని రాసి ఉంటారు. పెద్దాయన ఆ మాటని అలాగే ఉంచేశారు. తమిళంలో "అవసరం" అంటే తొందర, అర్జెంటు. కాబట్టి మీ పేషెంటుకి అక్కడ కనిపించేది "ప్రాణం మీదికి వస్తేనే ఫోన్ చేయండి" అన్నట్టు ఉంటుంది. మోకాలు కాస్త వాచినా, వ్యాయామం సరిగ్గా చేస్తున్నానా లేదా అని సందేహం వచ్చినా ఆ మనిషి మీకు ఫోన్ చేయడు, అంత అర్జెంటు కాదుగా అనుకుంటాడు. తమిళంలో మన "అవసరం"కి సరిపోయే మాట "తేవై".

నేను వేలూరు వచ్చిన కొత్తలో ఇంటి ఓనరు కుళాయి బాగు చేసే మనిషిని పంపించనా అని అడిగారు. అప్పటికే నేనే బిగించుకున్నాను, అందుకని "అవసరం ఇల్లై" అన్నాను. అక్కర్లేదు అని నా ఉద్దేశం. ఆయనకి "తొందరేం లేదు" అని వినబడింది. రెండు రోజులాగి మనిషిని పంపారు, ఆ మనిషి వచ్చిన కూలీ నేను ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా తెలుగు, తమిళాల మధ్య రాతపని చేస్తూ వచ్చాను, ఎక్కువగా ఆస్పత్రుల కాగితాలే. ఇప్పటికీ తమిళ కాగితంలో నాకు బాగా తెలిసిన సంస్కృత మాట కనబడగానే ఒకసారి ఆగుతాను.

మీ విషయంలోనూ చిక్కు అక్కడే మొదలైంది. మొదటి జవాబు మీకు చక్కగా అర్థమైంది అన్నారు. తెలుగువాళ్లకి తేలిగ్గా అర్థమయ్యే తమిళం అంటే తమిళులకి పాతబడిపోయిన తమిళం అయ్యే అవకాశం ఎక్కువ. మన భాషలో సంస్కృత మాటలు ఇంటి మాటలైపోయాయి. ప్రయత్నం, ఉపయోగం, అభిప్రాయం, వ్యాయామం అని కూరగాయల బండి దగ్గర కూడా అంటాం. అందుకని ప్రాతఃకాలం, దేహాభ్యాసం, ఉష్ణజలం అని కనబడితే కాస్త బరువుగా ఉన్నాయనిపిస్తుందేగానీ కొరుకుడు పడకపోవడం ఉండదు. తాంబరంలో ఇళ్లల్లో పనిచేసే యాభై ఏళ్ల ఆవిడకి మాత్రం "దేగాప్పియాసం" అన్నది ఎప్పుడూ విననే వినని మాట. ఆవిడ "ఎక్సర్‌సైజ్" అంటుంది, లేదా మనవరాలి స్కూలు పుస్తకంలో ఉన్న "ఉడఱ్పయిఱ్చి" తెలిసి ఉంటుంది.

పెద్దాయన అలా ఎందుకు రాశారంటే నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది ఆయన వయసు. నూరేళ్ల కిందట అచ్చులో కనిపించే తమిళ వచనం సంస్కృతంతో నిండి ఉండేది. సభలో అధ్యక్షుణ్ణి అక్కిరాసనర్ అనేవారు, కార్యదర్శిని కారియదరిసి, ఎన్నికల్లో నిలబడినవాణ్ణి అబేట్చగర్, విశ్వవిద్యాలయాన్ని సర్వకలాశాలై, ఉపన్యాసాన్ని ప్రసంగం అనేవారు. 1916లో స్వామి వేదాచలం అనే పండితుడు తమిళంలోంచి పరభాషా పదాలు తీసేయాలని తనిత్తమిళ్ ఉద్యమం మొదలుపెట్టారు. తన పేరునే ముందు మార్చుకున్నారు: వేదానికి మఱై, అచలానికి మలై, స్వామికి అడిగళ్, కలిపి మఱైమలై అడిగళ్. ఆ తర్వాత ద్రావిడ ఉద్యమం, 1967లో డీఎంకే ప్రభుత్వం వచ్చాక పరిపాలన భాష, పాఠ్యపుస్తకాలు, పత్రికలు అన్నీ ఆ దారిలోకి మళ్లాయి. అక్కిరాసనర్ పోయి తలైవర్ వచ్చింది. కారియదరిసి సెయలాళర్ అయ్యాడు, అబేట్చగర్ వేట్పాళర్ అయ్యాడు, సర్వకలాశాలై పల్గలైక్కళగం అయింది. నమస్కారం బదులు వణక్కం వచ్చింది. ఒక్క తరంలో అచ్చు భాష అంతలా మారడం మనం తెలుగులో చూడలేదు. కాబట్టి 1950ల్లో చదువుకున్న మనిషి చేతికి మర్యాదైన రాత అంటే పాత మాటలే వస్తాయి. ఆయన గొప్ప కోసం రాసినవి కావవి. కాగితం మీద రాసేటప్పుడు ఇలాగే రాయాలని ఆయనకి నేర్పినవి.

రెండో కారణం మీరు పంపిన తెలుగు కాగితమే. ఎదురుగా "వ్యాయామం", "అవసరం", "ఉదయం, సాయంకాలం" అని ఉంటే, రెండు భాషలూ తెలిసినవాడి చెయ్యి ముందుగా రెండింటిలోనూ ఉన్న మాట మీదికే పోతుంది. అది మామూలు అలవాటు, నాకూ ఉంది. అర్థం మారిపోయిన మాటలు దొంగతనంగా దూరేది ఈ దారిలోనే. "ఆలోచన" ఒకటి: తమిళంలో "ఆలోసనై" అంటే సలహా. "పశువు" ఇంకోటి: తమిళంలో "పసు" అంటే ఆవు ఒక్కటే. మీ కాగితంలో "వేదనై" ఉంది చూడండి. అది తప్పు మాట కాదు, కానీ ఇప్పటి తమిళంలో మనసు పడే క్షోభ వైపు ఎక్కువగా వెళ్లిపోయింది. మోకాలికి వచ్చేది "వలి". పేషెంటు మీ గదిలోకి వచ్చి "ముట్టి వలిక్కుదు" అంటుంది. మీ కాగితంలో ఉండాల్సింది ఆ మాటే.

ఇక మీరు రెండోసారి అడిగిన తీరు. "సంస్కృతం వద్దు, అచ్చ తమిళం" అన్నారు. తమిళంలో ఆ మాటకి ఒకే ఒక్క అర్థం ఉంది: సుత్తత్ తమిళ్, తూయ తమిళ్. అది వేదిక మీద ఉపన్యాసం భాష, పాఠ్యపుస్తకం భాష. మీరు గ్రాంథికంలో ఒక గదిలోంచి బయటికి రమ్మందామనుకుని, అదే ఇంట్లో ఇంకో గదిలోకి పంపించారు. పెద్దాయన మీరు అడిగింది అక్షరాలా చేసిపెట్టారు, ఆయన తప్పు ఇందులో లేదు.

ఇక్కడ తెలుగు నుంచి వెళ్లినవాళ్లకి అంత త్వరగా తట్టని సంగతి ఒకటుంది. మనకి గ్రాంథికం, సంస్కృతం ఒకే వైపు ఉంటాయి, వ్యావహారికం ఇంకో వైపు. గిడుగు రామమూర్తి పంతులుగారి పోరాటం తర్వాత మన పత్రికలు, ఉత్తరాలు చదువుకున్నవాళ్ల నోటి భాషకి దగ్గరగా వచ్చేశాయి. తమిళంలో లెక్క వేరు. రాసే తమిళం, మాట్లాడే తమిళం ఈనాటికీ విడివిడిగా ఉన్నాయి. వార్తలు చదివే అమ్మాయి కెమెరా ఆపగానే వేరే క్రియారూపాలతో మాట్లాడుతుంది. సంస్కృతం ఎంత ఉంది అన్నది దీనికి సంబంధం లేని ఇంకో కొలత. నోటి తమిళంలో సంస్కృతం నుంచి వచ్చిన మాటలు కుప్పలుగా ఉన్నాయి. ఏడాదిని వరుషం అంటారు, ఆండు అనేది కాగితం మీద. పెళ్లిని కల్యాణం అంటారు, తిరుమణం శుభలేఖలో ఉంటుంది. కష్టం, సందోషం, విషయం, అర్త్తం, కోబం, బయం, నష్టం, సందేగం, ఇవన్నీ చేపల మార్కెట్లో వినబడే మాటలు. వీటిని తీసేసి తున్బం, మగిళ్చ్చి, పొరుళ్, ఐయం పెడితే కాగితం బరువెక్కుతుందేగానీ తేలిక కాదు. మీ వృత్తిలోంచే చెప్పాలంటే, నెత్తురుని అందరూ రత్తం అంటారు, అది సంస్కృత రక్తమే. అచ్చ తమిళ మాట కురుది. రక్తపరీక్ష కాగితంలో ఒట్టి "కురుది" అని రాస్తే చదువు రాని మనిషి తెల్లముఖం వేస్తుంది.

అలాగని అచ్చ తమిళ మాటలన్నీ బరువైనవీ కావు. ఉడఱ్పయిఱ్చి, మరుత్తువమనై లాంటివి కల్పించి పెట్టిన మాటలే అయినా బోర్డుల మీద, బడిలో, టీవీలో నలిగి నలిగి అందరికీ తెలిసినవి అయ్యాయి. నోటితో ఆస్పత్తిరి అనే మనిషి కూడా మరుత్తువమనై అన్న బోర్డు చూసి లోపలికి వెళ్తుంది. అందువల్ల మాట ఎక్కడి నుంచి పుట్టింది అని చూస్తే మీకేమీ తేలదు. ఈ మాట వీళ్ల చెవిన పడిందా లేదా అన్నదొక్కటే చూడాలి.

అక్షరాలను బట్టి లెక్కపెట్టే అలవాటు కూడా కొందరికి ఉంది. తమిళ లిపిలో జ, ష, స, హ శబ్దాలకి గ్రంథాక్షరాలు వేరేగా ఉంటాయి, ఎక్కడ ఉన్నా ఇట్టే కనబడతాయి. కాగితంలో అవి ఎన్ని తగ్గితే అంత మంచి తమిళం అనుకుంటారు. మీ పెద్దాయన రెండోసారి "నిమిషం" తీసి "నిమిడం" పెట్టింది ఇందుకే. నిమిడం అచ్చులో మామూలే, అందరూ చదువుతారు, నష్టం లేదు. కానీ నోట్లో అది నిమిషమే. పైగా ఆ అక్షరాలు బస్, జూస్ లాంటి ఇంగ్లీషు మాటల్లోనూ వస్తాయి, వాటిని తీసేస్తే పేరుందు, పళచ్చాఱు మిగులుతాయి. గ్రంథాక్షరాల లెక్కతో సులువు తేలదు.

ఇప్పుడు మీ రెండో కాగితాన్ని దగ్గరగా చూద్దాం. అందులో మాటల కన్నా ఎక్కువగా అడ్డుపడుతున్నవి క్రియలు. కాలై, వలి, తేవై అందరికీ తెలిసిన మాటలే. "వలి మిగిన్" దగ్గర చదివేవాళ్లు ఆగిపోతారు. "మిగిన్" అంటే ఎక్కువైతే. ఆ -ఇన్ అనే రూపం పద్యాల్లో, చట్టాల్లో కనబడుతుంది. నోట్లో అది "అదిగమానా", "జాస్తియానా". తర్వాత "నిఱుత్తుగ", "ఇడుగ", "కొళ్గ". ఈ -గ తో ముగిసే ఆజ్ఞ పరీక్ష పేపరు భాష: "విడై తరుగ" అని ప్రశ్నపత్రంలో ఉంటుంది. మనకి "సమాధానములు వ్రాయుము" ఎలాగో అలాగ. మీ పేషెంటు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అలా అనరు. మొదటి కాగితంలో ఉన్న "చెయ్యవుం", "నిఱుత్తవుం" దానికన్నా నయం, బస్సుల్లో ఆఫీసుల్లో నోటీసులు అలాగే ఉంటాయి. కానీ అది బోర్డు గొంతు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడకి మీరు చెప్పే గొంతు "చెయ్యుంగ".

"ఉష్ణ జలం" సంగతి కూడా చెప్పాలి. జలం అన్నది తమిళనాట బ్రాహ్మణ ఇళ్లల్లో వినబడే మాట. మిగతావాళ్లకి తెలియదని కాదు, అది తమ మాట కాదు అనిపిస్తుంది. అందరి మాట తణ్ణి. వేడినీళ్లు సుడుతణ్ణి, కొన్ని ఇళ్లల్లో వెన్ని. అదే వాక్యంలో "ఒత్తడం" చాలా మంచి మాట, దాన్ని కదపకండి. కాపడం పెట్టడాన్ని పల్లెలోనైనా పట్నంలోనైనా ఒత్తడం అనే అంటారు. రెండో కాగితంలో దాన్ని "ఒఱ్ఱడం" చేసి, చివర "ఇడుగ" తగిలించారు. బాగున్న ఒక్క మాటా అలా పాడైంది.

ఏమని అడగాలి అన్నదానికి ముందు, ఆ కాగితం ఎలా వాడబోతున్నారో మీరు తేల్చుకోవాలి. వాట్సాప్‌లో మీ గొంతుతో రికార్డు చేసి పంపేదైతే పూర్తి పేచ్చు వళక్కు కావాలి, అంటే మాట్లాడే తీరు. అచ్చు వేసి చేతికిచ్చేదైతే పేచ్చు వళక్కు అక్షరాలా పెట్టకండి. తమిళులకి అచ్చులో నోటి రూపాలు చూసే అలవాటు కథల్లో సంభాషణల దగ్గరే ఉంటుంది. "పణ్ణుంగ", "ఇరుందా" అని కాగితం మీద చూస్తే డాక్టరు కాగితం అనిపించదు. పైగా నోటి రూపాలకి స్థిరమైన వర్ణక్రమం లేదు, చెన్నైలో ఒక రకంగా, మదురైలో ఒక రకంగా, కోయంబత్తూరు వైపు ఒక రకంగా పలుకుతారు. ఓనమాలు కూడబలుక్కుని చదివే మనిషికి తెలియని వర్ణక్రమం ఇంకో అడ్డంకి. అచ్చు కాగితానికి కావలసింది ఎళియ నడై: క్రియల చివర్లు రాత పద్ధతిలో, కానీ తేలికవి, మాటలు మాత్రం నోట్లో నలిగేవి.

ఒక్క మాట వాడకండి: "కొచ్చై". కొందరు తెలుగువాళ్లు వాడుక భాష అనుకుని "కొచ్చైత్ తమిళ్‌ల ఎళుదుంగ" అంటారు. అది మోటు, అసభ్యం అన్న అర్థం వైపు పోతుంది. పెద్దవాళ్లు నొచ్చుకుంటారు.

"సులువుగా రాయండి", "మామూలుగా రాయండి" అని విశేషణాలతో అడిగితే ఎవరి సులువు వాళ్లకి వస్తుంది. వినే మనిషిని చూపించి అడగండి. మీ పెద్దాయన తెలుగువారు కనుక ఇలా అనొచ్చు: "బాబాయిగారూ, మీరిచ్చింది కాగితంలా కాకుండా, మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మకి మీరే ఈ జాగ్రత్తలు చెబుతున్నట్టు ఒకసారి నోటితో చెప్పండి, నేను ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను." ఇది నేను నా పనిలో నేర్చుకున్న వాటిలో అన్నిటికన్నా బాగా పనిచేసిన కిటుకు. కలం పట్టుకోగానే మనిషికి బడి గుర్తొస్తుంది. నోరు తెరిస్తే ఇల్లు గుర్తొస్తుంది. డెబ్బై ఎనభై ఏళ్ల పండితుడైనా పనమ్మాయితో "వేదనై అదిగరిత్తాల్" అనడు, "వలి జాస్తియానా విట్టుడుమ్మా" అంటాడు. ఆ రికార్డు విని మీరు రాసుకోవాల్సింది ఆ మాటలే.

తమిళం ఇంటి భాష అయినవాళ్లని అడిగేటప్పుడు ఇలా పంపండి: "సార్, ఇదు ముట్టి వలియోడ వర్రవంగళుక్కుక్ కుడుక్కుర పేప్పర్. అదిగం పడిక్కాదవంగళుక్కుం పురియణుం. ఉంగ వీట్ల వేలై సెయ్యుర అమ్మావుక్కు నీంగ వాయాల సొల్ర మాదిరి సొల్లుంగ. సుత్తత్ తమిళ్ వేండాం, పళైయ ఎళుత్తు నడైయుం వేండాం. జనంగ సొల్ర వార్త్తై ఎదువో అదు పోదుం, వడమొళియా ఇరుందాలుం సరి, ఇంగ్లీషా ఇరుందాలుం సరి." వడమొళి అంటే సంస్కృతం. జనం అనే మాట ఏదైనా చాలు, సంస్కృతమైనా సరే, ఇంగ్లీషైనా సరే అన్న ఆ చివరి ముక్క తప్పకుండా ఉండాలి. అది లేకపోతే "వీళ్లకి సంస్కృతం పనికిరాదేమో" అని ఒకరు, "ఇంగ్లీషు పెడితే తక్కువగా చూస్తారేమో" అని ఒకరు ఏదో ఒక వైపు ఒరిగిపోతారు.

మీ నాలుగు వాక్యాలనీ నేనైతే ఇలా పెడతాను. అచ్చు కాగితానికి: "దినముం కాలైయిలుం సాయందరముం ఇంద ఉడఱ్పయిఱ్చియైచ్ చెయ్యుంగళ్. వలి అదిగమానాల్ ఉడనే నిఱుత్తివిడుంగళ్. సుడు తణ్ణీరాల్ పదినైందు నిమిడం ఒత్తడం కొడుంగళ్. ఏదావదు సందేగం ఇరుందాల్ ఫోన్ సెయ్యుంగళ్." గొంతుతో పంపడానికి: "దినముం కాలైలయుం సాయందరముం ఇంద ఎక్సర్‌సైజ్ పణ్ణుంగ. వలి జాస్తియానా ఉడనే నిఱుత్తిడుంగ. సుడుతణ్ణి ఒత్తడం పదినంజు నిమిషం కుడుంగ. ఏదావదు సందేగం ఇరుందా ఫోన్ పణ్ణుంగ."

అచ్చు కాగితంలో దినం, సాయందరం, అదిగం, నిమిడం, సందేగం అని సంస్కృతం నుంచి వచ్చిన మాటలు ఇంకా అయిదు ఉన్నాయి, ఇంగ్లీషు ఫోన్ ఉంది, బడిలో నేర్పిన అచ్చ తమిళ ఉడఱ్పయిఱ్చి ఉంది. మూడు చోట్ల నుంచి వచ్చిన మాటలు పక్కపక్కన కూర్చుని ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండవు, ఎందుకంటే మూడూ వాళ్ల చెవిన పడ్డవే. చివరి వాక్యంలో "తేవై" బదులు "సందేగం" పెట్టింది కావాలనే. "అవసరమైతే" అన్నది మన కాగితాల అలవాటు. అసలు పేషెంటు మీకు ఫోన్ చేయాల్సింది ఎప్పుడు? ఏదైనా అనుమానం వచ్చినప్పుడు. అది నేరుగా చెప్పేస్తే ఆవిడ ఆలోచించుకోవాల్సిన పని ఉండదు.

కాగితం తయారయ్యాక "అర్థమైందా" అని అడగకండి. డాక్టరు దగ్గర ఎవరూ అర్థం కాలేదనరు, "పురింజుదు సార్" అని తల ఊపుతారు. కాగితం చేతికిచ్చి, చదవడం రానివాళ్లకైతే వెంట వచ్చినవాళ్ల చేత చదివించి, "ఇంటికెళ్లాక మీ అమ్మాయికి ఇది ఎలా చెబుతారో నాకు చెప్పండి" అనండి. వాళ్లు తిరిగి చెప్పేటప్పుడు కాగితంలో మాటనే పలికితే ఆ మాట నిలబడింది. దాన్ని మార్చి ఇంకో మాటతో చెప్పారంటే, వాళ్ల నోటికి వచ్చిన ఆ రెండో మాటే మీ కాగితంలోకి రావాలి. దాటేశారంటే అది వాళ్లకి అర్థం కాలేదన్నమాట. అయిదారుగురు పేషెంట్లు చెప్పేసరికి మీకు ఏ మాట దగ్గర తడబడుతున్నారో తెలిసిపోతుంది. ఒకసారి నేను రాసిన కంటి చుక్కల కాగితంలో "సొట్టు మరుందు" అని అచ్చు మాట పెట్టాను. విన్నవాళ్లంతా తిరిగి "డ్రాప్స్" అన్నారు. మరుసటి అచ్చులో డ్రాప్స్ అనే వేశాం.

తాంబరం చుట్టుపక్కల తిరునల్వేలి, మదురై వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు చాలామంది. ఒకరి యాస ఇంకొకరికి కొత్తగా ఉంటుందేమో అని మీకు అనిపించవచ్చు. పైన రాసిన మాటలతో ఆ భయం లేదు, అన్ని వైపులా నడిచేవే. యాస చూపించే ముక్కలు, అంటే చెన్నై కుర్రకారు మాటలు, కోయంబత్తూరు చుట్టూ ఉన్న కొంగునాడు వైపు తోక మాటలు, వాటి జోలికి పోకపోతే చాలు.

ఆఖరి ప్రతిని అచ్చుకి ఇచ్చే ముందు మళ్లీ ఆ పెద్దాయన దగ్గరికే తీసుకెళ్లండి. రాత తమిళంలో మాటల మధ్య ఒత్తులు పెట్టే పద్ధతి ఒకటుంది. "ఉడఱ్పయిఱ్చియై" తర్వాత "చెయ్యుంగళ్" వస్తే మధ్యలో చ్ పడుతుంది, కొన్ని చోట్ల పడదు. అది పాతకాలం చదువు చదివినవాళ్లకే బాగా తెలుసు, మీకూ నాకూ తడుముకోవాల్సిన పని. మాటలు మార్చొద్దని ముందే చెప్పి, ఒత్తులూ వర్ణక్రమం మాత్రం చూసిపెట్టమని అడగండి.